శివారు గదికి చేరని స్పీడు: రాజోలు వైపు ఒక ఇంట్లో 110 జీబీ గేమ్ డౌన్‌లోడ్ కేసు

అమలాపురంలో నెట్‌వర్క్ వైరింగ్, రూటర్ల మరమ్మతు పనులు చేస్తుంటాను. వేసవి సెలవుల్లో రాజోలు వైపు కాలువ గట్టున ఉన్న ఒక ఊరి నుంచి రిటైరైన ఉపాధ్యాయులొకరు ఫోన్ చేశారు. ఇంజనీరింగ్ చదువుతున్న వారి అబ్బాయి సెలవులకు ఇంటికి వచ్చి, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోరులో కొన్న ఒక పెద్ద గేమ్‌ను డౌన్‌లోడ్‌కు పెట్టాడు. డౌన్‌లోడ్ సైజు 110 జీబీ. రాత్రి పెడితే తెల్లారేసరికి అయిపోవాలని అతను లెక్క వేసుకున్నాడు గాని, మర్నాడు మధ్యాహ్నానికి కూడా అది పూర్తి కాలేదు. "నెలనెలా 200 స్పీడుకు డబ్బులు కడుతున్నామండీ, ఇక్కడేమో రెండున్నర దాటడం లేదు. కేబుల్ వాళ్లను అడిగితే లైను బాగానే ఉందంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు" అన్నది మాస్టారి ఫిర్యాదు.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఒకటుంది. ఇందులో లోపం ఒక్కటి కాదు, మూడు. ఆ మూడూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉండటం వల్ల, మొదటిది తొలగించేదాకా రెండోది, రెండోది తొలగించేదాకా మూడోది కనబడలేదు. అబ్బాయి అప్పటికే సరైన చోట ఒకసారి చెయ్యి పెట్టాడు కూడా. అయితే ముందున్న ఇరుకు తీయకుండా పెట్టాడు గనుక ఫలితం కనబడలేదు, పైగా అక్కడ చేసిన మార్పు తర్వాత మరో లోపంగా మిగిలిపోయింది.

ముందుగా అంకెల సంగతి. కనెక్షన్ వేగాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెబుతారు. స్టీమ్ మాత్రం మామూలుగా సెకనుకు ఇన్ని మెగాబైట్లు అని చూపిస్తుంది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు గనుక 200 మెగాబిట్ల లైను మీద డౌన్‌లోడ్ పేజీలో కనిపించగల గరిష్ఠ వేగం 25 మెగాబైట్లు. మాస్టారు 200కూ రెండున్నరకూ మధ్య చూసిన తేడాలో కొంత భాగం ఈ కొలమానాల తేడాయే. అయినా మిగిలిన తేడా తక్కువేమీ కాదు: 25 రావలసిన చోట 2.5 వస్తోంది, అంటే పదో వంతు. ఆ వేగంతో 110 జీబీ దిగడానికి పన్నెండు గంటల పైన పడుతుంది, అది కూడా మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఎనిమిదితో భాగించగానే తీరిపోతాయి గనుక, ఎవరింటికి వెళ్లినా ముందు ఈ లెక్క చేయిస్తాను. ఈ ఇంట్లో మాత్రం లెక్క చేశాక కూడా ఫిర్యాదు నిలిచింది.

ఇంటి నిర్మాణం గురించి కొంచెం చెప్పాలి. అది ఇరవై ఏళ్ల కిందట కట్టిన రెండంతస్తుల డాబా. గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. వీధి స్తంభం నుంచి వచ్చిన ఫైబర్ వైరు ముందు గది కిటికీలోంచి లోపలికి వచ్చింది. కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఆ కిటికీ పక్కనే ఉన్న ఇనుప బీరువా మీద రూటర్ డబ్బాను పెట్టి వెళ్లిపోయారు. వైరు ఎక్కడ లోపలికి వస్తే డబ్బా అక్కడే పెట్టడం మన వైపు ఆనవాయితీ. దాన్ని తప్పుపట్టలేం, వాళ్లు రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి. అబ్బాయి కంప్యూటరేమో మేడ మీద, ఇంటి వెనక భాగంలో, కొబ్బరి తోటకు ఎదురుగా ఉన్న గదిలో ఉంది. రూటరుకూ కంప్యూటరుకూ మధ్య బీరువా, రెండు ఇటుక గోడలు, ఏటవాలుగా ఒక శ్లాబు ఉన్నాయి. ఆ గదిలో కంప్యూటర్ బల్లను గోడకు ఆనించారు, వైఫై యాంటెన్నాలు సీపీయూ వెనక, ఇనుప డబ్బాకూ గోడకూ మధ్య సందులో ఇరుక్కుని ఉన్నాయి.

నేను ముందు మేడ మీదకు వెళ్లలేదు. ఇంట్లోకి వస్తున్న లైను ఎంత ఇస్తోందో తెలియకుండా ఇంటి లోపలి లోపాల గురించి మాట్లాడటం అనవసరం. నా ల్యాప్‌టాప్‌ను ఒక మీటరు పొడవున్న వైరుతో నేరుగా రూటరుకు తగిలించి, మిగతా ఫోన్లన్నీ వైఫై ఆపమని చెప్పి, స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేశాను. మూడుసార్లూ 195కు అటూ ఇటూగా వచ్చింది. రూటర్ పేజీలో ఫైబర్‌లో అందుతున్న కాంతి బలం మైనస్ 20 డీబీఎం ఉంది. అది మైనస్ 27 దాటి కిందికి పడితేనే కంగారు పడాలి. కాబట్టి లైను బాగుందన్న కేబుల్ వాళ్ల మాట నిజమే. ఈ ఒక్క పరీక్షతో సగం ఇంటిని అనుమానాల జాబితా లోంచి తీసేసినట్టయింది. మాస్టారికి కొద్దిగా పొలం ఉంది. ఆయన దీన్ని తనదైన రీతిలో అర్థం చేసుకున్నారు. "అంటే ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదులుతున్నారు, ప్రధాన కాలువ నిండుగానే ఉంది. మధ్యలో ఏదో తూము పూడుకుపోయి శివారు చేనుకు అందడం లేదు. అంతేనా?" అన్నారు. అంతేనండి అన్నాను. నేను చెప్పబోయిన దానికన్నా అదే బాగుంది.

అప్పుడు మేడ ఎక్కి, అబ్బాయి కంప్యూటర్లో ఈ కమాండ్ కొట్టాము.

```
netsh wlan show interfaces
```

ఇది విండోస్‌లో ఎవరైనా చూడగలిగేదే. ఇందులో చూడవలసిన వరుసలు నాలుగు: Signal, Radio type, Channel, Receive rate. ఆ కంప్యూటర్లో Signal 42 శాతం, Radio type 802.11n, Channel 6, Receive rate 39 అని ఉన్నాయి. ఛానెల్ 6 అంటే అది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మీద ఉంది. ఇక Receive rate అన్నది రేడియోలు తమలో తాము ఒప్పుకున్న వేగమే గాని ఫైలు దిగే వేగం కాదు. వైఫైలో ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగతావాళ్లు ఆగాలి, అందిందని తిరుగు కబురు పంపాలి, పోయిన ముక్కలను మళ్లీ పంపాలి. ఇవన్నీ పోగా చేతికి దక్కేది సుమారు సగం అనుకోవచ్చు. 39లో సగం దాదాపు 20 మెగాబిట్లు; దాన్ని ఎనిమిదితో భాగిస్తే రెండున్నర మెగాబైట్లు. స్టీమ్ చూపిస్తున్న అంకె సరిగ్గా అదే. లెక్క ఇలా అంకెకు అంకె కుదిరినప్పుడు, ఇరుకు ఎక్కడుందో ఊహించాల్సిన పని ఉండదు.

నిర్ధారణ కోసం రూటరుకే పింగ్, అంటే జవాబు కోరే చిన్న కబురు, పంపించి చూశాము. ఇది ఇంటి బయటికి పోని కొలత గనుక, ఇందులో కనబడే ఏ తడబాటైనా ఇంటి లోపలిదే.

```
ping -n 50 192.168.1.1
```

యాభైలో మూడు అసలు తిరిగి రాలేదు. వచ్చినవాటిలో కొన్ని 2 మిల్లీసెకన్లకు, కొన్ని 180 మిల్లీసెకన్లకు వచ్చాయి. ఇదే ఇంట్లోని డబ్బా నుంచి జవాబు రావడానికి 180 మిల్లీసెకన్లు పట్టడం వైఫై కష్టపడుతోందనడానికి స్పష్టమైన గుర్తు.

మొదటి పని రూటరు చోటు మార్చడం. దీనికి కొత్త ఫైబర్ అతుకు అవసరమని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అదృష్టవశాత్తు కనెక్షన్ ఇచ్చినవాళ్లు పది మీటర్ల దాకా వైరును చుట్టగా చుట్టి కిటికీ బయట వేలాడదీసి వెళ్లారు. ఆ చుట్టను విప్పి, గోడ అంచు వెంట క్లిప్పులు కొట్టి, హాలు మధ్యలో మెట్ల పక్కకు తెచ్చాము. ఫైబర్ లోపల ఉండేది గాజు పోగు గనుక మూలల దగ్గర రాగి వైరులా మడవకూడదు. చేతి గాజు చుట్టుకన్నా ఇరుకుగా వంచకుండా ఉంటే ఇబ్బంది రాదు. రూటరును అక్కడ గోడకు ఆరడుగుల ఎత్తున, దగ్గరలో బీరువా, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు వంటివి ఏవీ లేకుండా బిగించాము. ఇనుము తరంగాలను తిప్పికొడుతుంది, నీళ్లు వాటిని పీల్చుకుంటాయి. బీరువా మీద పెట్టిన రూటరు చూడటానికి ఎత్తులోనే ఉన్నట్టు కనిపిస్తుంది గాని, దాని కింద మనిషంత ఎత్తు ఇనుప పలక ఉన్నట్టే లెక్క. చోటు మార్చాక కాంతి బలం మళ్లీ చూశాను. మైనస్ 20 దగ్గరే ఉంది కాబట్టి వైరు ఎక్కడా నలగలేదు.

మేడ మీద సీపీయూను గోడ నుంచి జానెడు ముందుకు జరిపి, యాంటెన్నాలు బయటికి కనబడేలా తిప్పాము. రూటరులో 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీలకు వేర్వేరు పేర్లు పెట్టి, కంప్యూటరును 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలిపాము. రెండింటికీ ఒకే పేరు ఉన్నప్పుడు దూరంగా ఉన్న యంత్రం తరచుగా 2.4నే ఎంచుకుంటుంది, ఎందుకంటే అది గోడలు బాగా దాటుతుంది. కానీ అందులో దారి ఇరుకు. మళ్లీ అదే కమాండ్ కొడితే Signal 64 శాతం, Channel 36, Receive rate 175.5 అని వచ్చింది. డౌన్‌లోడ్ వేగం 5 నుంచి 11 మెగాబైట్ల మధ్య ఎగుడుదిగుడుగా నడిచింది.

అబ్బాయి ఇది చాలనుకున్నాడు. నిజానికి చాలామంది ఇళ్లలో నేను ఇక్కడితో ఆపేస్తాను కూడా. ఫోన్లకూ టీవీకీ ఇది ఎక్కువే. కానీ పెద్ద ఫైలు గంటల తరబడి ఒకే వేగంతో దిగాలంటే వైఫై మీద ఆధారపడటం నాకు ఇష్టం ఉండదు. అదీగాక ఆ గది గోడలో నేను ఒక సాకెట్ చూశాను. ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ ముందుచూపుతో హాలు నుంచి మేడ మీది గదికి పైపులో నెట్‌వర్క్ వైరు ఒకటి లాగి ఉంచాడు. 22 మీటర్లు ఉంటుంది. ఇన్నేళ్లుగా దాన్ని ఎవరూ వాడలేదు, అసలు అదేమిటో కూడా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. "టెలిఫోన్ కోసం వేశారనుకున్నామండీ" అన్నారు మాస్టారు.

దానికి రెండు వైపులా చిన్న వైర్లు తగిలించి వైఫై ఆపేసి చూశాము. డౌన్‌లోడ్ 11.3 మెగాబైట్ల దగ్గర గీత గీసినట్టు నిలిచింది. స్పీడ్ టెస్ట్ 94 చూపించింది. అబ్బాయికి ఆ స్థిరత్వం బాగా నచ్చింది. నాకు మాత్రం ఆ అంకె నచ్చలేదు. స్పీడ్ టెస్ట్‌లో ఎప్పుడు చూసినా 94, 95 దగ్గర కదలకుండా ఉంటే లైనును తప్పుపట్టక ముందు వైరును చూడాలి. ఎందుకంటే 100 మెగాబిట్ల ఈథర్నెట్ లింకు మీద, ప్యాకెట్ల పై తొడుగులకు పోయేది పోగా, చేతికి వచ్చేది దాదాపు అంతే. లింకు వేగం చూడటానికి పవర్‌షెల్‌లో ఇలా కొట్టాలి.

```
Get-NetAdapter | Select Name, LinkSpeed
```

LinkSpeed దగ్గర 100 Mbps అని వచ్చింది. 1 Gbps అని రావాలి. ఇలా రావడానికి మూడు చోట్ల కారణం ఉండవచ్చు. కంప్యూటర్ పోర్టే పాతది కావచ్చు, రూటరు పోర్టు కావచ్చు, మధ్యలో వైరు కావచ్చు. చౌక రూటర్లలో నాలుగు పోర్టులు ఉంటే వాటిలో ఒకటి మాత్రమే గిగాబిట్, మిగతావి 100 అయి ఉండటం మామూలే గనుక, ముందు నా ల్యాప్‌టాప్‌ను అదే పోర్టుకు చిన్న వైరుతో తగిలించి చూశాను. 1 Gbps వచ్చింది. రూటరును గోడ మీంచి దించి, మేడ మీదకు తీసుకెళ్లి కంప్యూటరుకు అదే చిన్న వైరుతో కలిపినా 1 Gbps వచ్చింది. ఫైబర్ లేకుండా కరెంటు మాత్రం ఇచ్చినా లింకు వేగం తెలుస్తుంది గనుక దీనికి పెద్ద శ్రమ పడలేదు. మిగిలింది గోడలోని వైరు.

రెండు సాకెట్లూ విప్పాము. కింది సాకెట్ బాగానే ఉంది. పై గది సాకెట్ తోట వైపు గోడలో ఉంది. ఆ గోడ వానాకాలం చెమ్మ పడుతుందని సున్నం పెచ్చులు చూస్తేనే తెలుస్తోంది. పలక వెనక చూస్తే బ్రౌన్ జత రెండు తీగలకూ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒక తీగ వేలితో కదిపేసరికి ఊడి వచ్చింది. పూజ గదిలో తోమని రాగి చెంబుకు పట్టే చిలుమే ఇదీ. కేబుల్ టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లలో మొదటి ఆరూ వెలిగాయి, 7, 8 వెలగలేదు.

ఇక్కడ ఒక విషయం వివరించాలి, ఎందుకంటే పని తెలిసిన ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడ పొరబడతారు. 100 మెగాబిట్ల ఈథర్నెట్ నాలుగు తీగలతోనే పనిచేస్తుంది, అవి 1, 2, 3, 6. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. అందువల్ల 7, 8 తెగిపోయిన వైరు పూర్తిగా చచ్చిపోదు; రెండు చివరలా ఉన్న యంత్రాలు గిగాబిట్‌కు ప్రయత్నించి, కుదరక 100కు దిగి, ఏ హెచ్చరికా చూపకుండా పనిచేస్తుంటాయి. నెట్ వస్తోంది గనుక వైరు మంచిదే అనుకుంటారు. ఈ ఇంటి కనెక్షన్ 100 మెగాబిట్లదే అయి ఉంటే ఈ లోపం ఎప్పటికీ బయటపడేది కాదు, పడాల్సిన అవసరం కూడా ఉండేది కాదు.

చిలుము పట్టిన భాగం వదిలేసి, రెండంగుళాలు వెనక్కి కోశాను. లోపల రాగి ఎర్రగా, శుభ్రంగా ఉంది. బ్లేడుతో గీసి కూడా చూశాను, ఎందుకంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చౌక వైర్లు మన మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి. గీస్తే తెల్లగా మెరుస్తుంది. అలాంటిదైతే కొత్త వైరు లాగమనే చెప్పేవాడిని, చెమ్మ గోడలో అది ఎక్కువ కాలం నిలవదు. ఇది అసలు రాగే. కొత్త సాకెట్‌లో ఎనిమిది తీగలనూ మళ్లీ బిగించాను. జతల మెలిక విప్పడం అరంగుళం దాటకూడదు. చూడటానికి నీటుగా ఉంటుందని పొడుగ్గా విప్పి వరుసగా పేర్చేవాళ్లను చూశాను, ఆ మెలికే పక్క జత గోలను ఆపేది. సాకెట్‌ను చెమ్మ గోడలోని పెట్టెలో తిరిగి పెట్టకుండా, పక్కన పొడిగా ఉన్న గోడ మీద చిన్న ఉపరితల పెట్టెలో బిగించాను. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి, LinkSpeed 1 Gbps అయింది, స్పీడ్ టెస్ట్ 196 వచ్చింది. రూటరుకు పంపిన యాభై పింగ్‌లూ ఒక మిల్లీసెకను లోపే తిరిగి వచ్చాయి.

ఈ సందర్భంలో అబ్బాయి ఒక మాట అడిగాడు. తోటలో ఉన్న పాకలో కూడా నెట్ కావాలని, అక్కడిదాకా ఇదే వైరు కొబ్బరి చెట్ల మధ్యగా లాగవచ్చా అని. వద్దన్నాను. ఒకే కప్పు కింద పైపులో నడిచే రాగి వైరు వేరు, రెండు కట్టడాల మధ్య ఆరుబయట వేలాడే రాగి వైరు వేరు. వేసవి చివర ఉరుములు మెరుపులు మొదలయ్యాక దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ వైరులో పుట్టే విద్యుత్తు రెండు వైపులా పోర్టులను కాల్చేస్తుంది. అలా పోయిన రూటర్లు ప్రతి ఏడాదీ నా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. కట్టడాల మధ్య దూరానికి ఫైబరే వేయాలి.

మళ్లీ డౌన్‌లోడ్ దగ్గరకు వచ్చాము. ఇప్పుడు లైను 196 ఇస్తోంది, వైరు గిగాబిట్ ఇస్తోంది, కనుక స్టీమ్‌లో 24 దాకా రావాలి. అయితే 6 నుంచి 9 మెగాబైట్ల మధ్య ఊగుతోంది. అంటే వైరు సరిచేయక ముందు నిలకడగా వచ్చిన 11.3 కన్నా తక్కువ. అబ్బాయి ముఖం వాడిపోయింది. నాకు కూడా ఒక క్షణం అనుమానం వచ్చింది, బిగించిన జతల్లో ఏదైనా తారుమారు చేశానా అని. కానీ స్పీడ్ టెస్ట్ మళ్లీ 196 చూపించింది. ఇంటి వైరింగులో ఏ లోపం ఉన్నా స్పీడ్ టెస్ట్‌లోనూ కనబడాలి. అది బాగుండి స్టీమ్ ఒక్కటే తగ్గితే, ఇరుకు ఇంటి బయట, ఆ సర్వర్ దారిలో ఉందనుకోవాలి. స్పీడ్ టెస్ట్ మామూలుగా దగ్గర్లోని సర్వరును, చాలాసార్లు మన కనెక్షన్ ఇచ్చేవాళ్ల నెట్‌వర్క్‌లోనే ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. గేమ్ ఫైలు అక్కడి నుంచి రాదు.

స్టీమ్‌లో Settings తెరిచి Downloads లోకి వెళ్లి Download Region చూశాను. అందులో జర్మనీలోని ఒక నగరం ఎంచుకుని ఉంది. అడిగితే అబ్బాయి కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు: వారం కిందట ఎవరిదో వీడియో చూసి, ఐరోపా సర్వర్లలో రద్దీ తక్కువ ఉంటుందని అక్కడికి మార్చాడట. మార్చాక తేడా ఏమీ కనబడలేదు, అందుకని అది పనికిరాని సెట్టింగ్ అనుకుని అలాగే వదిలేశాడు. తేడా ఎలా కనబడుతుంది? అప్పుడు వైఫైలో దారి 2.5 మెగాబైట్లకే ఇరుకుగా ఉంది. జర్మనీ నుంచి ఆరేడు మెగాబైట్లు వచ్చినా, చెన్నై నుంచి 24 వచ్చినా, ఇంట్లో దిగేది రెండున్నరే. నేను చెప్పిన దాక్కున్న లోపం ఇదే. పొద్దున వచ్చిన 11.3 సంగతి కూడా వెంటనే తేలింది. ఆ డౌన్‌లోడ్ నడిచింది అబ్బాయి ల్యాప్‌టాప్‌లో; అందులోని స్టీమ్‌లో ప్రాంతాన్ని అతను ముట్టుకోలేదు. పోర్టులు మార్చి మార్చి చూసేటప్పుడు ఎవరి యంత్రం ఎక్కడ తగిలించామో నేను కాగితం మీద రాసుకోలేదు. ఆ పొరపాటు నాది. అప్పటి నుంచి ప్రతి కొలత పక్కనా ఏ యంత్రమో, ఏ సర్వరో రాసుకుంటున్నాను.

దూరపు సర్వరు ఎందుకు నెమ్మదిస్తుందన్నది లైను వెడల్పుకు సంబంధించినది కాదు, రాకపోకల సమయానికి సంబంధించినది. పంపేవాడు కొంత పంపి, అందిందన్న కబురు కోసం చూసి, ఆ తర్వాతే వేగం పెంచుతాడు. ఈ ఇంటి నుంచి చెన్నైకి వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్ల చుట్టూ పట్టింది. జర్మనీకి 150 దాటింది. స్టీమ్ ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి, ఫైలును సుమారు ఒక మెగాబైటు ముక్కలుగా తెచ్చుకుంటుంది గనుక పూర్తిగా కుంటుపడదు. కానీ సముద్రం అడుగున అంత దూరం వచ్చే దారిలో అక్కడక్కడా ఒక ప్యాకెట్ పోతూనే ఉంటుంది, పోయిన ప్రతిసారీ ఆ కనెక్షన్ వేగం తగ్గించుకుని మళ్లీ మెల్లగా పుంజుకోవాలి. ఆ పుంజుకోవడం రాకపోకల సమయాన్ని బట్టి ఉంటుంది. స్టీమ్‌లో కనబడిన ఊగిసలాట అదే.

ప్రాంతాన్ని చెన్నైకి మార్చి, స్టీమ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచాము. డౌన్‌లోడ్ మొదలైన అర నిమిషంలో 23 దాటి, 24 దగ్గర నిలిచింది. ముంబైతో కూడా ఐదు నిమిషాలు చూశాము, 22 దాకా వచ్చింది. మ్యాపులో దగ్గరున్న నగరమే నెట్‌వర్క్‌లో దగ్గరని అనుకోకూడదు; రాజోలు నుంచి బయలుదేరిన ప్యాకెట్ ముందు కనెక్షన్ ఇచ్చేవాళ్ల ముఖ్య కేంద్రం ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, అక్కడి నుంచే దారి పడుతుంది. అందుకని రెండు మూడు ప్రాంతాలను, ఒకే గంటలో, ఒక్కొక్కటి కనీసం ఐదు నిమిషాలు చూసి ఎంచుకోవాలి. మొదటి నిమిషం అంకెను పట్టించుకోకూడదు. రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి మళ్లీ చూడమని అబ్బాయికి చెప్పాను. ఆ రాత్రి చెన్నై 17కు తగ్గిందని, ముంబై 21 ఇచ్చిందని మెసేజ్ పెట్టాడు. పెద్ద గేమ్ కొత్తగా విడుదలైన రోజున అయితే ఈ తేడా ఇంకా ఎక్కువ ఉండవచ్చు.

ఈ సెట్టింగ్ గురించి రెండు అపోహలు తరచూ వింటాను. ఇది మార్చితే స్టోరులో ధరలు మారతాయని ఒకటి, ఆట మధ్యలో పింగ్ తగ్గుతుందని మరొకటి. రెండూ నిజం కాదు. ఇది ఫైళ్లు ఎక్కడి నుంచి దిగాలన్నది మాత్రమే చెబుతుంది. ఎపిక్ అనే మరో గేమ్ స్టోరు లాంచర్‌లో ఇలాంటి ఎంపికే లేదు, అక్కడ వైరూ రూటరూ సరిచేసుకోవడం వరకే మన చేతిలో ఉంటుంది.

మిగిలిన డౌన్‌లోడ్ గంటన్నర లోపే పూర్తయింది. ఆ గంటన్నరలో కొత్త ఫిర్యాదు పుట్టింది: హైదరాబాద్‌లోని కూతురితో మాస్టారు వీడియో కాల్ మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోంది. లైను మొత్తం స్టీమే తాగేస్తున్నప్పుడు రూటరులో మిగతా ప్యాకెట్లు వరుస కట్టి నిలబడతాయి. అదే Downloads పేజీలో వేగానికి పరిమితి పెట్టే చోట 20 మెగాబైట్లకు సరిపడే అంకె వేయించాను. ఆ పెట్టె పక్కన ఏ కొలమానం రాసి ఉందో చూసి వేయాలి, బిట్లకూ బైట్లకూ పొరబడితే మళ్లీ మొదటికి వస్తాం. పరిమితి పెట్టాక కాల్ సరిగా నడిచింది. పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఇంట్లో పోట్లాట ఉండదు.

వారం తర్వాత అబ్బాయి ఫోన్ చేసి, ఆరు జీబీ అప్‌డేట్‌కు నలభై నిమిషాలు పట్టిందని, నెట్ మళ్లీ పాడైందేమోనని అడిగాడు. డౌన్‌లోడ్ పేజీలోని గ్రాఫ్‌ను ఫొటో తీసి పంపమన్నాను. నెట్‌వర్క్ అంకె సున్నా, డిస్క్ అంకె మాత్రం ఆగకుండా నడుస్తోంది. గేమ్‌ను పాత హార్డ్ డిస్క్ మీద పెట్టాడు. అప్‌డేట్ అంటే దిగిన ముక్కలను అప్పటికే ఉన్న పెద్ద ఫైళ్లలో కలిపి తిరగరాయడం, ఆ పని హార్డ్ డిస్క్ మీద నత్తనడకే. దానికి రూటరు చేయగలిగిందేమీ లేదు. ఎస్ఎస్‌డీ కొనేదాకా ఓపిక పట్టమన్నాను.

నవంబరులో, తుపాను వానలు వెలిసిన తర్వాత, ఈసారి మాస్టారే ఫోన్ చేశారు. అబ్బాయి కాలేజీలో ఉన్నాడు. "ఆయ్, మీరు రాసిచ్చిన ఆ కమాండ్ నేనే కొట్టానండి. లింక్ స్పీడ్ దగ్గర వందే చూపిస్తోంది. వెయ్యి ఉండాలన్నారు కదా?" అన్నారు. వెళ్లి చూస్తే పై సాకెట్ పొడిగానే ఉంది. ఈసారి చెమ్మ కింద హాల్లో, మెట్ల కింది నుంచి పాకింది. నేను వేసవిలో బాగానే ఉందని వదిలేసిన సాకెట్‌లో నీలం జతకు పచ్చ చుక్క మొదలైంది. ఆ చివర కూడా కోసి, గోడ మీదకు మార్చి వచ్చాను.